నాలుగు వేల పౌన్లు కట్టడానికి పట్టిన పదిహేను రోజులు

మా చెల్లికి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. 2025 జూన్ 4, బుధవారం మధ్యాహ్నం మెయిల్. సీటు ఖాయం కావాలంటే జూన్ 20 లోపు 4,000 పౌన్ల డిపాజిట్ కట్టాలి. అది చేరాకే కాస్ అనే సీటు ధ్రువీకరణ ఇస్తారు, కాస్ ఉంటేనే వీసాకి అప్లై చేయగలం. డబ్బుకి ఇబ్బంది లేదు, నాన్న ఒక ఎఫ్‌డీ ముందే విడగొట్టి సిద్ధంగా పెట్టాడు. ఇక పంపడమే కదా, ఒక సాయంత్రం పని అనుకున్నాను. పదిహేను రోజులు పట్టింది. అందులో ఎక్కువ రోజులు పోయింది రాయకుండా వదిలేసిన ఒక్క నంబరు వల్ల.

యూనివర్సిటీ పేజీలో నాలుగు దారులు కనిపించాయి: కార్డు, ఒక విదేశీ వాలెట్, నేరుగా వాళ్ల ఖాతాకి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్, ఇంకోటి 'మీ కరెన్సీలోనే కట్టండి' అనేది. ఈ చివరి దారిలో ఒక పేమెంట్ కంపెనీ మన దగ్గర రూపాయలు తీసుకుని అక్కడ పౌన్లు ఇస్తుంది.

ఆ రాత్రే కార్డుతో మొదలుపెట్టాను. నా క్రెడిట్ కార్డు లిమిట్ ఐదు లక్షలు. గూగుల్‌లో పౌను 116 రూపాయల చిల్లర చూపిస్తోంది కాబట్టి 4 లక్షల 65 వేలు, సరిపోతుందనుకున్నా. కార్డు నంబరు కొట్టగానే డిక్లైన్. కారణం చిన్నదే: మన దేశంలో కార్డుల మీద విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేసుకునేదాకా పనిచేయవు. యాప్‌లో స్విచ్ ఆన్ చేసి, దాని కిందే ఉన్న లిమిట్ గీతని కూడా పైకి జరపాలి. ఆ గీత సంగతి తెలియక రెండోసారీ డిక్లైన్ అయింది.

మూడోసారి వేసేముందు కార్డు నిబంధనలు తెరిచి చదవడం మంచిదయింది. విదేశీ కరెన్సీ మార్కప్ 3.5 శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం. కార్డు నెట్‌వర్క్ రేటు 116.30 అనుకుంటే 4,000 పౌన్లకి ₹4,65,200, మార్కప్పు దాని జీఎస్టీ కలిపి ₹19,213. మొత్తం ₹4,84,413. పేజీ మీద మాత్రం 'కార్డు చెల్లింపులకు ఎలాంటి రుసుమూ లేదు' అని ఉంది. అబద్ధం కాదు, యూనివర్సిటీ ఏమీ తీసుకోదు, తీసుకునేది మన బ్యాంకు.

అదే పేజీలో ఇంకో ఎర కూడా ఉంది. 'పౌన్లలో కడతారా, రూపాయల్లో కడతారా' అని అడిగింది. రూపాయలు అంటే తెలిసిన లెక్క కదా అని వేలు అటే పోతుంది. అక్కడ చూపిన మొత్తం ₹4,85,600, అంటే పౌను 121.40. పైగా విదేశీ వ్యాపారి రూపాయల్లో వసూలు చేసినా నా బ్యాంకు విడిగా ఒక శాతం, దాని మీద జీఎస్టీ వేస్తుంది. అలా ₹4,91,330 అవుతుంది. ఈ ప్రశ్న ఎప్పుడు ఎదురైనా వాళ్ల కరెన్సీనే ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్ మూసేశాను.

జూన్ 6న వాలెట్ చూశాను. మన ఫోన్లలో ఉండే వాలెట్లు ఈ పనికి రావు, పూర్తి కేవైసీ చేసినా వాటిలో రెండు లక్షలకు మించి ఉంచలేం. పేజీలో ఉన్నది విదేశీ వాలెట్. దాని గురించి నాకున్న ఆశ ప్రైవసీ: కార్డు నంబరు యూనివర్సిటీకి ఇవ్వకుండా మధ్యలో వాలెట్ ఉంటుంది కదా అని. ఖాతా తెరిచాను. పుట్టిన తేదీ, పాన్, చిరునామా అడిగింది, ఆ తరువాత కార్డు జతచేయమంది. అది నా కార్డే అని తేల్చుకోవడానికి చిన్న మొత్తం కోసుకుని, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ పేరు పక్కన వచ్చే నాలుగంకెల కోడు తెచ్చి కొట్టమంది. ఆ కోడు నా స్టేట్‌మెంట్‌లో కనబడడానికి మరుసటి రోజు సాయంత్రం అయింది.

కోడు కొట్టి ముందుకెళ్తే చివరి పేజీలో అసలు సంగతి తెలిసింది. వాలెట్ రేటు 120.80. అంటే ₹4,83,200, కార్డు బ్యాంకు ఒక శాతం అదనం. వాలెట్ అంటే వేరే దారి అనుకున్నాను కానీ, లోపల నడిచేది నా కార్డే. కార్డు ఖర్చు పోలేదు, దాని పైన ఇంకొకరి లాభం చేరింది. ఇక ప్రైవసీ అంటారా, కార్డుతో నేరుగా కట్టినా నంబరు కొట్టేది పేమెంట్ గేట్‌వే పేజీలోనే, యూనివర్సిటీ గుమస్తా చేతికి పోదు. నేను దాచింది ఏమీ లేకపోగా పాన్ ఇంకొకరికి ఇచ్చినట్టయింది. ఖాతా మూసేసి కార్డు తీసేశాను.

ఈ లోపు చెల్లి అడ్మిషన్ చూసిన కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. "అన్నా, మీరెందుకు తిప్పలు పడతారు? మాకు నాలుగు లక్షల యాభై వేలు క్యాష్ ఇవ్వండి, మా కార్డుతో సాయంత్రంలోగా కట్టేస్తాం. రిసీట్ మీ చెల్లెమ్మ పేరు మీదే వస్తది."

గూగుల్ రేటు కంటే తక్కువకి ఎవరైనా పౌన్లు ఎలా ఇస్తారో కాసేపు ఆలోచించాను. చెల్లి మాత్రం "పదిహేను వేలు మిగులుతాయి కదన్నయ్యా" అంది. ఆ కార్డు ఎవరిదో మనకు తెలియదు. దొంగ కార్డయితే రెండు నెలలకో మూడు నెలలకో అసలు యజమాని ఫిర్యాదు చేస్తాడు, బ్యాంకు ఆ డబ్బు యూనివర్సిటీ నుంచి వెనక్కి లాక్కుంటుంది. అప్పటికి మన క్యాష్ పోయి ఉంటుంది, సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం పిల్ల. పైగా వీసా రాకపోతే డిపాజిట్ ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే తిరిగి పోతుంది, మనకి కాదు. వద్దన్నాను. కాకపోతే "మీ కార్డు రెండు వైపులా ఫొటో వాట్సాప్ చేయండి, మేమే కొట్టేస్తాం" అన్నారు. దానికి నాన్న ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

జూన్ 9, సోమవారం. నాన్నతో బ్యాంకుకి వెళ్లాను. నాన్నకి ముప్పై ఏళ్లుగా ఖాతా ఉన్న శాఖలో విదేశీ మారకం పని చేయరట, ఊళ్లోనే ఇంకో పెద్ద శాఖకి పంపారు. ముందే ఫోన్ చేసి కనుక్కుని ఉంటే ఒక పూట మిగిలేది. అక్కడ అడిగినవి: నాన్న పాన్, చెల్లి పాస్‌పోర్టు, ఆఫర్ లెటర్, ఫీజు ఇన్‌వాయిస్, విదేశాలకి డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, ఈ ఏడాది విదేశాలకి ఇంకేమీ పంపలేదన్న డిక్లరేషన్. ఫారంలో పర్పస్ కోడ్ గడి ఉంటుంది, చదువు ఫీజుకి S0305.

ఫారెక్స్ మేడమ్ చీటీ మీద 118.90 అని రాసి ఇచ్చింది. ఇది పొద్దున్నే శాఖలకి వచ్చే రేటు. నాకు తెలిసిన ఒకాయన ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి, "మేడమ్, ట్రెజరీకి ఫోన్ చేసి కాస్త మంచి రేటు అడగరా" అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి 118.90 కొట్టేసి 117.60 రాసింది. పౌనుకి రూపాయి ముప్పై పైసలు, నాలుగు వేలకి ₹5,200. ఇంత తేలికైన ఆదాయం నా ఉద్యోగంలో నాకు ఎప్పుడూ రాలేదు. అడగని వాళ్లకి మొదటి రేటే పడుతుంది.

లెక్క ఇలా తేలింది. పౌన్లకి ₹4,70,400. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ ₹513. కమిషన్ జీఎస్టీతో ₹1,180, డబ్బు పంపుతున్నట్టు అవతలి బ్యాంకుకి వెళ్లే స్విఫ్ట్ సందేశానికి ₹590. మొత్తం ₹4,72,683. కార్డు కంటే దాదాపు పన్నెండు వేలు తక్కువ. ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటలేదు కాబట్టి, బయటికి పంపే డబ్బు మీద ముందుగా కోసే పన్ను, టీసీఎస్, లేదు.

ముందు రోజు రాత్రి ఆ రూపాయల కంపెనీ కొటేషన్ కూడా తీసి పెట్టుకున్నాను. పౌను 118.05, అన్నీ కలిపి ₹4,72,200, మూడు రోజుల దాకా రేటు మారదు, యూనివర్సిటీకి సరిగ్గా 4,000 పౌన్లు చేరతాయని హామీ. బ్యాంకు కంటే ₹483 తక్కువే. కానీ నాన్న పాన్, చెల్లి పాస్‌పోర్టు, సంబంధం చూపడానికి ఇంకో గుర్తింపు కార్డు, అన్నీ వాళ్ల సైట్‌లో ఎక్కించాలి. "మన బ్యాంకు దగ్గర ఈ కాయితాలు ఎటూ ఉన్నాయి. ముక్కూ మొహం తెలియనోడికి ఎందుకురా?" అన్నాడు నాన్న. నాకూ నిజమే అనిపించింది. బ్యాంకునే ఎంచుకున్నాం.

(ఇంత జాగ్రత్త పడ్డ నాన్నా నేనూ, బ్యాంకు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో పాస్‌పోర్టు, పాన్ స్కాన్ చేయించాం. కుర్రాడు వాటిని తన కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద పెట్టుకుని ప్రింట్ ఇచ్చాడు. బయటకు వచ్చి పది అడుగులు వేశాక గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. ఆ డెస్క్‌టాప్ మీద కనీసం ఇరవై మంది ఆధార్లు ఉన్నాయి. మావి డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను.)

జూన్ 10 మధ్యాహ్నం నాన్న ఖాతాలోంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. "అయిపోయింది" అని ఇంట్లో పాయసం కూడా చేశారు.

11న ఏమీ లేదు. 12న చెల్లి పోర్టల్ చూస్తే బాకీ 4,000 అనే ఉంది. 13న కూడా అంతే. యూనివర్సిటీకి మెయిల్ పెడితే, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్లు ఖాతాలో కనబడడానికి ఐదు పని దినాలు పట్టొచ్చని యంత్రం జవాబిచ్చింది. 14 రెండో శనివారం, 15 ఆదివారం. గడువు 20. ఆ రెండు రోజులు అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాన్న మాత్రం ప్రతి గంటకీ "చూడు" అనేవాడు. నేనేమో కార్డుతో కట్టి ఉంటే పన్నెండు వేలు పోయినా నిద్ర పట్టేదేమో అనుకున్నాను.

16, సోమవారం. బ్యాంకుకెళ్లి స్విఫ్ట్ కాపీ అడిగాను. MT103 అంటారు. డబ్బు పంపిన రోజే అడిగి తీసుకోవాల్సిన కాయితం ఇది, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. ఒకటిన్నర పేజీ, చూడ్డానికి టెలిగ్రామ్‌లా ఉంటుంది. మేడమ్ పెన్నుతో రెండు చోట్ల గీత గీసి చూపించింది.

```
:70:EDU FEES
:71A:SHA
```

ఆ రెండు వరుసలతోనే మా కష్టాలన్నీ అర్థమయ్యాయి. 70 అనేది ఈ డబ్బు దేనికో అవతలివాళ్లకి చెప్పే వరుస. అక్కడ చెల్లి స్టూడెంట్ నంబరు ఉండాలి. ఇన్‌వాయిస్‌లో ఎర్ర అక్షరాలతో రాసి మరీ ఉంది. టైపు చేసినాయన 'ఎడ్యుకేషన్ ఫీజు' అని మాత్రం కొట్టాడు. పంపింది నాన్న పేరు మీద, సీటు చెల్లి పేరు మీద. వందల మంది పిల్లల డబ్బు వచ్చిపడే ఖాతాలో, మా నాన్న పేరు చూసి అది ఎవరి ఫీజో వాళ్లకెలా తెలుస్తుంది? డబ్బు 12నే చేరింది. మాదని ఎవరికీ తెలియక అక్కడే పడి ఉంది.

71A అంటే దారి ఖర్చులు ఎవరు భరిస్తారన్న వరుస. SHA అంటే మన బ్యాంకు ఖర్చు మనది, మధ్యలో ఉన్న బ్యాంకులు, అవతలి బ్యాంకు తీసుకునేది పంపే మొత్తంలోంచే పోతుంది. OUR అని ఉంటే ఆ ఖర్చు కూడా మనమే ముందు కట్టేస్తాం, అక్కడికి పూర్తి మొత్తం చేరుతుంది. ఏ2 వెనకాల దరఖాస్తులో ఒక చిన్న గడి ఉంటుంది, దాన్ని ఎవరూ మమ్మల్ని అడగలేదు, మేమూ చూడలేదు. అలవాటుగా SHA పడిపోయింది.

"అంటే ఎంత తగ్గి ఉంటుంది మేడమ్?" అన్నాడు నాన్న.

"చెప్పలేం సార్. పదో ఇరవయ్యో పౌన్లు."

ఆ సాయంత్రమే MT103 జతచేసి, స్టూడెంట్ నంబరు, పంపిన తేదీ, నాన్న పేరు, చెల్లితో సంబంధం రాసి ఫైనాన్స్ విభాగానికి మెయిల్ పెట్టాం. 18, బుధవారం మన టైము మధ్యాహ్నం మూడున్నరకి జవాబు వచ్చింది. డబ్బు దొరికింది, చెల్లి ఖాతాకి జమ చేశారు. చేరింది 3,985 పౌన్లు. బాకీ 15. పూర్తి డిపాజిట్ అందితే గానీ కాస్ పని మొదలుపెట్టరు.

పదిహేను పౌన్లు బ్యాంకు ద్వారా పంపాలంటే కమిషను, స్విఫ్ట్ ఖర్చు కలిపి దానికంటే ఎక్కువ. పైగా మళ్లీ ఐదు రోజులు. నేను వదిలేసిన కార్డే ఇక్కడ పనికొచ్చింది. స్విచ్ ఆన్, లిమిట్ గీత రెండు వేలకి, పౌన్లే ఎంచుకుని, ఓటీపీ కొట్టి, రెండు నిమిషాల్లో అయిపోయింది. మార్కప్పు జీఎస్టీ అన్నీ కలిపి ₹1,820 పడింది. వెంటనే స్విచ్ ఆఫ్. చెల్లి పోర్టల్ రిఫ్రెష్ చేస్తే బాకీ సున్నా. కార్డు చెల్లింపు పేజీ స్టూడెంట్ నంబరుతోనే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరిదో వెతకాల్సిన పనే రాలేదు. 19న రిసీట్ వచ్చింది, గడువుకి ఒక రోజు ముందు. కాస్ 27న వచ్చింది.

శాతాలు లెక్కేస్తే పెద్ద మొత్తానికి కార్డు దండగే. కానీ గడువు రెండు రోజులే ఉంటే నేను మారు మాట్లాడకుండా ఆ పన్నెండు వేలు వదులుకుంటాను.

రెండో వాయిదా 5,000 పౌన్లు, ఆగస్టులో. ఈసారి నాన్నని ఒప్పించి ఆ రూపాయల కంపెనీ దారినే పోయాను. కాయితాలు ఎక్కించేముందు ప్రతి కాపీ మీద 'ఈ యూనివర్సిటీ ఫీజు కోసం మాత్రమే' అని అడ్డంగా రాసి, తేదీ వేసి స్కాన్ చేశాం, అదీ ఇంట్లో ఫోన్‌తోనే. వాళ్ల సైట్‌లో మనల్ని SHA, OUR అని అడిగేవాళ్లే లేరు. కొటేషన్ 118.20, మొత్తం ₹5,91,000. వాళ్లిచ్చిన ఖాతాకి ఆ మొత్తం పైసాతో సహా సరిగ్గా ఆర్టీజీఎస్ చేయాలి, గుండ్రంగా పంపితే వెనక్కి వస్తుందట. సోమవారం పంపితే బుధవారానికి చెల్లి పోర్టల్‌లో 5,000 జమ. ఒక్క పౌనూ తగ్గలేదు.

కానీ ఇక్కడా ఒకటి తగిలింది. ఈ ఏడాది ఇప్పటికే ఎంత పంపారని అడిగితే ₹4,70,400 అని రాశాం. రెండూ కలిపితే ₹10,61,400. పది లక్షలు దాటిన ₹61,400 మీద ఐదు శాతం టీసీఎస్, ₹3,070, ముందుగా కట్టమన్నారు. బ్యాంకు మారినా, కంపెనీ మారినా లెక్క పాన్ మీదే నడుస్తుంది. రెండో వాయిదా అమ్మ ఖాతాలోంచి, అమ్మ పాన్ మీద పంపి ఉంటే ఇది పడేదే కాదు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుందిలే అని కట్టేశాం.

ఆ సాయంత్రం నాన్న తన లెక్కల పుస్తకం తీసి ₹3,070 రాయబోతూ, జూన్ పేజీ దగ్గర ఆగాడు. అక్కడ '15 పౌన్లు, పెద్దోడి కార్డు, ₹1,820, ఇవ్వాలి' అని ఉంది. లోపలికెళ్లి ఐదు వందల నోట్లు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టి, "నూట ఎనభై చిల్లర ఇవ్వు" అన్నాడు.